రచయిత సీటు మీద టవల్

నేను రాసిన వ్యాసానికి రచయిత లేడని మునీంద్ర సార్ కనిపెట్టిన రోజు మా ఇంట్లో రాగిముద్ద, అందులోకి అనపగింజల పులుసు, మా వైపు మాటలో అవరెకాయల సారు. సరిగ్గా ముద్ద తిప్పే వేళకు ఫోన్ చేశారాయన. చదువుకున్న మగవాళ్ళకు ముద్ద తనంతట తానే గుండ్రంగా అవుతుందనే నమ్మకం ఉంటుంది కనక ఆయన్ని తప్పుపట్టలేదు. స్పీకర్ నొక్కి ఫోన్ గూట్లో పెట్టి, తెడ్డు వదలకుండానే విన్నాను.

మునీంద్ర సార్ కోలారులో ఒక కాలేజీలో ఇంగ్లిషు చెబుతారు. బంగారు గనుల దగ్గర కాపురాలు చేసిన ఆడవాళ్ళ గురించి బెంగళూరులో ఒక ఇంగ్లిషు పుస్తకం తయారవుతోంది. దాని సంపాదకురాలు పవిత్ర అనే అమ్మాయి. కేజీఎఫ్ వైపు నుంచి వ్యాసాలు సేకరించి పంపే పని ఆమె ఈయనకు అప్పగించింది. ఆయన మా ఆయన నందీశ్‌తో కలిసి చదువుకున్నవాడు. "మీ ఆవిడ బీఏ కదా, ఏమైనా రాస్తుందేమో అడుగు" అన్నాడట. 'ఏమైనా' అన్న మాటలోనే ఆయన నా మీద పెట్టుకున్న ఆశ ఎంతో తెలిసింది.

నేను రాసింది మా అత్త సొన్నమ్మ ఇంటి షెల్ఫు గురించి. గని నడిచే రోజుల్లో ఆమె మైనింగ్ లైన్లలో, ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఒంటిగది ఇళ్ళలో ఉండేది. లోపల ఎక్కడో బండ పగిలితే పైన ఇళ్ళు అదిరేవి. దాన్ని అందరూ ఏర్ బ్లాస్ట్ అనేవారు. మామ షిఫ్టుకు వెళ్ళగానే అత్త షెల్ఫు అంచున నాలుగు గ్లాసులను ఒకదానికొకటి తగిలేలా పెట్టేదట. గ్లాసులు గణగణమంటే చిన్నది, పని చూసుకోవచ్చు. కింది వరసలో ఇత్తడి బిందె జరిగిందంటే పెద్దది. అప్పుడు లైన్లలో ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలు తీసుకుని కొళాయి దగ్గరికి వచ్చేవారు. నీళ్ళ కోసం కాదు. ఎవరి మొహం ఎలా ఉందో చూసుకోవడానికి.

ఇది తెలుగులో రాశాను. నా ఇంగ్లిషు దరఖాస్తులకు సరిపోతుంది గానీ బిందె జరగడం చెప్పడానికి చాలదు. అందుకని పేరా పేరాగా అనువాదం చేసే సాఫ్ట్‌వేర్‌లో వేశాను. అది చిటికెలో ఇచ్చింది. ఆ చిటికెను సరిచేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అత్త మాటలు ఆమె యాసలో వేస్తే అది తడబడింది, కొన్ని చోట్ల అత్తను మగవాణ్ణి చేసింది. ఆ మాటల్ని ముందు పుస్తకాల తెలుగులోకి మార్చి మళ్ళీ వేస్తే ఈసారి అత్త ఏదో యూనివర్సిటీ నుంచి రిటైరైనట్టు మాట్లాడింది. మధ్యస్థంగా తేవడానికి మూడు రోజులు. అది ఇచ్చిన ఇంగ్లిషును మళ్ళీ తెలుగులోకి తిప్పి, నేను రాసిన దాని పక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ దిద్దాను.

వ్యాసంతో పాటు ఒక ఫారం నింపాలి. అందులో ఏడో ప్రశ్న: ఏదైనా సాఫ్ట్‌వేర్ సాయం తీసుకున్నారా, ఎందుకు? నిజం రాశాను. "తెలుగు నాది. ఇంగ్లిషు సాఫ్ట్‌వేర్ ఇచ్చింది, వాక్యం వాక్యం నేను సరిచూసి దిద్దాను." మా ఆయన చూసి, "లేదు అని ఒక ముక్క రాసి ఉంటే పోయేది గదా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో గుమాస్తాగా ఉన్నాడు. ఫారం అంటే ఖాళీలు నింపడమే తప్ప చదవడం కాదని ఆయన అనుభవం.

ఆ ఏడో ప్రశ్నే మునీంద్ర సార్ చేతికి చిక్కింది.

"అమ్మా పుష్పావతమ్మా, ఒక సమస్య వచ్చింది" అన్నారు గూట్లోంచి. "మీరు తెలుగులో రాసినారు. పుస్తకం ఇంగ్లిషులో ఉండాది. ఈ ఇంగ్లిషు మీరు రాసింది కాదు, మీరే ఒప్పుకున్నారు."

"అవును సార్. దిద్దినాను అని కూడా ఒప్పుకున్నాను."

"దిద్దడం వేరే, రాయడం వేరే కదమ్మా. సరే, సాఫ్ట్‌వేర్‌ని అథర్ అనుకుందామా అంటే, సాఫ్ట్‌వేర్ పేరు వేయకూడదని పబ్లిషర్ రూలు. అంటే ఏమాయ? ఈ ఇంగ్లిషుకు అథర్ లేడు. సీటు ఖాళీగా ఉండాది."

"ఖాళీ సీటు ఊరికే పోకుండా మీరు టవల్ వేసినారా సార్?"

ఆయన నవ్వారు. ఎగతాళిని చనువు అనుకునే అదృష్టవంతుల్లో ఒకరు. "అట్లని కాదమ్మా. నేను ఇంగ్లిషు డిపార్ట్‌మెంటు. మీ తెలుగు డ్రాఫ్టు పంపండి, నేనే ఇంగ్లిషులో రాస్తాను. పేరు నాది వస్తుంది. మిమ్మల్ని కింద 'సమాచారం ఇచ్చినవారు' అని వేస్తాము. నా ప్రమోషన్‌కు ఒక పబ్లికేషన్ తక్కువ పడతా ఉండాది, మీకు చెప్పకూడదని లేదు. మీరు ఇంట్లో ఉండేవాళ్ళు, మీకు దీంతో ఏం పని?"

ముద్ద గట్టిపడింది. బాగా గట్టిపడింది.

ఫోన్ పెట్టేశాక అత్త అడిగింది. ఆమె గడప దగ్గర కూర్చుని అవరెకాయలు ఒలుస్తూ అంతా విన్నది. "ఏందే పుష్పా, ఆ అయ్యోరు గ్లాసులు పెట్టినాడా షెల్ఫులో?"

"లేదత్తా. గ్లాసులు పెట్టింది నువ్వు. నేను రాసినాను. మిషను ఇంగ్లిషు చేసింది."

"ఇంగ ఆయన ఏం చేసినాడు?"

"ఫోన్ చేసినాడు."

అత్త ఒక కాయ వలిచి, గింజలు గిన్నెలో వేసి, తొక్కను మునీంద్ర సార్ ఉన్న దిక్కుకు విసిరింది.

నాకు ఇందులో కావాల్సింది ఒకటే. ఇరవై ఆరేళ్ళుగా నా పేరు రేషన్ కార్డు కింది వరసలో, పెళ్ళిపత్రికల్లో 'శ్రీమతి నందీశ్' తర్వాత బ్రాకెట్లలో కనబడుతూ వచ్చింది. దేని పైనన్నా మొదటి వరసలో ఒక్కసారి కనబడాలి. అంతకు మించి ఆశ ఏమీ లేదు. అది చిన్న ఆశ అని తెలుసు. మునీంద్ర సార్‌కు కావాల్సింది కూడా అంతే, అందుకే ఆయన్ని అంత బాగా అర్థం చేసుకున్నాను.

ఆయన మెసేజ్ పెట్టారు: మీ ఒరిజినల్ తెలుగు డ్రాఫ్టు పంపండి.

నా ఫోన్‌లో తెలుగు ఫైళ్ళు రెండున్నాయి. ఒకటి చివరగా శుభ్రం చేసినది. రెండోది మొట్టమొదట టైపు చేసింది. టైపు చేసేటప్పుడు తోచిన పనులు, అనుమానాలు మరిచిపోకుండా అక్కడికక్కడే బ్రాకెట్లలో రాసుకోవడం నా అలవాటు. ఇల్లాలి డ్రాఫ్టు అలాగే ఉంటుంది, పొయ్యి మీద ఒక కన్ను ఉంచుకుని రాసేది కదా. శుభ్రం చేసినప్పుడు అవన్నీ తీసేశాను.

ఆయన ఒరిజినల్ అన్నారు. మొదటిదే ఒరిజినల్. కాలేజీలో ఇంగ్లిషు చెప్పేవాడు అడిగిన మాటను నేను తక్కువ చేసి అర్థం చేసుకోవడం మర్యాద కాదు. అదే పంపాను. చదివితే బ్రాకెట్లు ఎలాగూ కనబడతాయి. చదివితే.

అయిదు నిమిషాలకు 'అందింది' అని వచ్చింది. ఇరవై నిమిషాలకు 'పని అయిపోయింది' అని వచ్చింది. ఎనిమిది పేజీల పని.

రెండు వారాల తర్వాత సంపాదకురాలు పవిత్ర వ్యాసాల మీద వీడియోలో మాట్లాడాలని అడిగింది. మునీంద్ర సార్ నన్నూ, అత్తనూ కాలేజీకి రమ్మన్నారు. సమాచారం ఇచ్చినవాళ్ళు పక్కన కూర్చుంటే ఫొటో బాగుంటుందట. కేజీఎఫ్ నుంచి కోలారుకు బస్సులో వెళ్ళాం. అత్త పట్టుచీర కట్టుకుంది. బస్సులో మా సీటు మీద ఎవరో టవల్ వేసి ఉంచితే, దాన్ని మడిచి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, అతను వచ్చాక చేతికిచ్చింది. "టవలు పోతుందేమోనని పట్టుకున్నానప్పా" అంది. అతను నిలబడే ప్రయాణం చేశాడు.

డిపార్ట్‌మెంటులో పొడుగు బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి ఉంది. సార్ ఇస్త్రీ చొక్కాలో సిద్ధంగా ఉన్నారు. తెర మీద పవిత్ర కనబడింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, కళ్ళజోడు. కన్నడంలో నమస్కారం చెప్పి, అత్తను చూడగానే తెలుగులోకి వచ్చేసింది.

"అమ్మా, మాదీ ఈ వైపే, బైరకూరు. మీరు ఎట్ల మాట్లాడతారో మా జేజి అట్లనే మాట్లాడేది. బాగుండారా?"

"బాగుండానమ్మా. నువ్వు అన్నం తిన్నావా?" అంది అత్త, తెరలోకి వంగి.

సార్ గొంతు సవరించుకున్నారు. పవిత్ర కాగితాలు తీసింది.

"సార్, ఫారంలో ఏడో ప్రశ్నకు మీరు 'సాఫ్ట్‌వేర్ ఏదీ వాడలేదు, ఇంగ్లిషు పూర్తిగా నాది' అని రాసినారు."

"అవును మేడం. తెలుగు సమాచారం వీళ్ళది. రచన నాది."

"మంచిది. ప్రతి వాక్యానికీ మీరే జవాబుదారు అని కింద సంతకం కూడా చేసినారు. అందుకే కొన్ని అడుగుతాను." ఆమె మొహంలో నవ్వు లేదు. "రెండో పేజీలో, మూడో పేరా. గని సైరన్ గురించి చెబుతా ఉండి మధ్యలో ఇట్ల ఉండాది: 'ఈరోజు గ్యాస్ బుక్ చేయాలి, మరిచిపోకూడదు.' బుక్ చేసినారా సార్?"

నేను బల్ల మీది సుద్దముక్కను శ్రద్ధగా చూశాను.

"అది… ఏదో…" అన్నారు సార్. పేజీ తిప్పి చూసుకున్నారు. ఆ పేజీని ఆయన అప్పుడే మొదటిసారి కలుసుకుంటున్నట్టు కనబడింది.

"పోనీండి. నాలుగో పేజీ. 'అత్త పోయిన వారం ఇది వేరేగా చెప్పింది, మళ్ళీ అడగాలి.' ఎవరి అత్త సార్? మీ అత్తగారు కూడా లైన్లలో ఉండినారా?"

"మేడం, అది సాఫ్ట్‌వేర్ తప్పు" అని నోరు జారారు సార్.

"వాడలేదని రాసినారు."

"కొంచెం… సాయానికి…"

అత్త నన్ను మోచేత్తో పొడిచింది. మెల్లగా అనుకుందేమో గానీ గనిలో పనిచేసిన మొగుడితో కాపురం చేసిన గొంతు అది, ఆయనకు చెవులు సరిగా వినబడేవి కావు. "ఏమే, పేరు ఎవురిదంటే నాది అంటాడు, తప్పు ఎవురిదంటే మిషనుది అంటాడు. ఏం మనిషప్పా ఈన?"

బెంగళూరు దాకా వినబడింది. పవిత్ర మొదటిసారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఇంకొకటి" అంది. "అయిదో పేజీలో, 'ఆడవాళ్ళు భయంతో బిందెలు తీసుకుని కొళాయికి పరుగెత్తారు' అని ఉండాది. ఇది వ్యాసంలో ముఖ్యమైన చోటు. భయంతో అన్నది ఎవరు చెప్పినారు సార్?"

"వాళ్ళే. సందర్భం చూస్తే తెలుస్తుంది కదా మేడం."

"భయమా?" అంది అత్త. "ఎవురికి భయం? నేను పొయ్యి మీద ఎసరు తగ్గించి, తలుపు దగ్గరకేసి, బిందె చంకలో పెట్టుకుని నడిచి పోయినా. పరుగెత్తితే అందురూ పరుగెత్తుతారని, మేము పరుగెత్తేవాళ్ళం కాదు. అది రూలు."

"మీ తెలుగులో ఏముండాది అక్కా?" పవిత్ర నన్నడిగింది. నేను ఆ గదిలో ఉన్నానని అప్పటివరకూ ఎవరూ గుర్తించినట్టు లేదు, ఫొటోకు తప్ప.

"'బిందెలు తీసుకుని కొళాయికి నడిచారు' అనే ఉండాది మేడం. భయం, పరుగు రెండూ సాఫ్ట్‌వేర్ సొంతంగా చేర్చింది. నేను వేసినప్పుడు కూడా భయం చేర్చింది. తీసేసినాను. మొగుడు గనిలో ఉన్నప్పుడు పెద్ద శబ్దం వస్తే ఆడవాళ్ళు భయపడాలని దానికి ఎవరో నేర్పినట్టుండాది."

"మీరు వేసినప్పుడా? మీ ఇంగ్లిషు వేరే ఉండాదా?"

"ఉండాది. ఫారంతో పాటు సార్‌కి పంపినాను. సీటు ఖాళీగా ఉండాదని సార్ అన్నారు."

పవిత్ర సార్ వైపు చూసింది. సార్ ఫ్యాను వైపు చూశారు. నేను ఫోన్‌లోంచి ఆ ఫైలు ఆమెకు పంపాను. ఆమె చదువుతూ ఉన్నంతసేపు ప్యూన్ టీ తెచ్చి, అథర్ ఎవరో తెలియక గ్లాసులన్నీ బల్ల మధ్యలో పెట్టి పోయాడు. అత్త ఆ గ్లాసులను చూసి, అలవాటు చొప్పున ఒకదానికొకటి తగిలేలా జరిపింది.

"అక్కా, మీ నాలుగో పేరాలో ఇంగ్లిషు కొంచెం మొరటుగా ఉండాది" అంది పవిత్ర చివరికి.

"తెలుగులో కూడా మొరటే. సాఫ్ట్‌వేర్ నున్నగా చేసిస్తే నేను మళ్ళీ చెడగొట్టినాను."

"ఏడో ప్రశ్నకు మీరు రాసిందే సరైన జవాబు. మీ తెలుగును మీరే సాఫ్ట్‌వేర్‌లో వేసుకుంటే రచయిత మారిపోరు. సాఫ్ట్‌వేర్ వాడినట్టు ఒక వాక్యం కింద వేస్తాము, అంతే. సాఫ్ట్‌వేర్ పేరు ఎందుకు వేయమంటే, అడిగితే అది జవాబు చెప్పలేదు. పేరు వేసేది జవాబు చెప్పేవాళ్ళది." సార్ వైపు తిరిగింది. "అనువాదకుడని వేద్దామన్నా, అనువాదకుడు మూలం చదువుతాడు సార్."

ఆయన మొహం చూసి జాలి పడదామని ప్రయత్నించాను. టీ చల్లారిపోతుందని గుర్తొచ్చి మానుకున్నాను.

నా పేరు మొదటి వరసలో పడింది. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే ఈ కథ నాకు ఇంకా నచ్చేది. కానీ పవిత్ర ఏ పనీ సగంలో వదిలే రకం కాదు.

"సార్ పంపిన దాంట్లో ఇంకొక బ్రాకెట్ ఉండాది. ఇది మీదే కదా అక్కా, మీరే జవాబు చెప్పాల. ఆఖరి పేజీ." కళ్ళజోడు సర్దుకుని, ఇంగ్లిషును తెలుగు చేస్తూ నెమ్మదిగా చదివింది. "'అత్త పేరు వేయాలా? వేస్తే వీధి వీధికీ చెప్పుకుంటుంది, ఇంట్లో పట్టలేము. ఒక వృద్ధురాలు అంటే చాలు.'"

గ్యాసు గుర్తుంది. పోయిన వారం సంగతి గుర్తుంది. ఇది మాత్రం నిజంగా మరిచిపోయాను. మూడు నెలల కింద ఏదో మధ్యాహ్నం రాసుకున్నది. మునీంద్ర సార్ కోసం నేను అంత ముచ్చటగా పంపిన ఫైలును నేనూ మళ్ళీ చదవలేదు.

సాఫ్ట్‌వేర్ దాన్ని చక్కగా, ఒక్క తప్పు లేకుండా అనువదించింది. కావాల్సినప్పుడు అంత బాగా చేయదు.

మునీంద్ర సార్ ఫ్యాను వదిలి నన్ను చూశారు. ఆ చూపులో ఎంతో సోదరభావం ఉంది. అదే నాకు ఎక్కువ మండింది.

అత్త టీ గ్లాసు ఎత్తి, రెండు గుక్కలు తాగి, కింద పెట్టింది. పక్క గ్లాసుకు తగిలి చప్పుడైంది.

"ఒక వృద్ధురాలా" అంది.

"అత్తా, అది డ్రాఫ్టు…"

"చూడమ్మా" అంది అత్త, నన్ను వదిలేసి తెరతో. "నా పేరు సొన్నమ్మ. మా ఇంటాయన పేరు హనుమంతప్ప. గ్లాసులు పెట్టింది నేను. రాసింది ఇది, నా కోడలు. దీనికి తెలుగు బాగా వస్తుంది, నాకు రాదు. నా పేరు దీని పేరు మీద వేయొద్దు. ఆ అయ్యోరు పని మేము చేయము. కానీ ఒక ముసిల్ది అని వేస్తే, ఈ లైన్లలో ముసలోళ్ళు నూరుమంది ఉండారు. గ్లాసులు ఏ ముసిల్ది పెట్టిందని రేపు ఎవురన్నా అడిగితే ఎవురు జవాబు చెప్పాల?"

పవిత్ర చేతిలో పెన్ను ఆగింది. "ఏం చేద్దాం అక్కా?" అని అడిగింది.

నేను ఇంకేం చెప్పను. "వృద్ధురాలు ఉన్న పదకొండు చోట్లా సొన్నమ్మ అని మార్చండి. శీర్షిక కింద నా పేరు. దాని కింద, 'చెప్పినది సొన్నమ్మ, ఇదంతా ఆమె షెల్ఫు నుంచి వచ్చింది' అని ఒక వరస. దాని కింద సాఫ్ట్‌వేర్ సంగతి."

"మరి నా…" అన్నారు సార్.

"మీకు కృతజ్ఞతల్లో ఒక వరస ఉంటుంది సార్" అంది పవిత్ర. "దేనికి అని వేయాలో మీరే చెప్పండి."

ఆయన ఆలోచించి చెబుతానన్నారు. ఇంతవరకూ చెప్పలేదు. నాకు తెలిసి ఆయన సొంతంగా రాయాల్సి వచ్చిన మొదటి వాక్యం అదే.

తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. బంగారుపేట దాటాక, "పదకొండు చోట్లనా?" అని అడిగింది. అవునన్నాను. "ఫారంలో జవాబుదారు అని రాసినారు కదా, నాకూ ఒకసారి చదివి వినిపించు, తెలుగుదే. తప్పులుంటే చెప్తాను."

మరుసటి రోజు మధ్యాహ్నం చదివాను. నాలుగు గ్లాసులు కాదట, అయిదు. అయిదోది మా ఆడబిడ్డ పుట్టాక చేర్చిందట. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తెలుగులో మార్చాను, ఆ పేరా మళ్ళీ సాఫ్ట్‌వేర్‌లో వేశాను. మళ్ళీ భయం చేర్చింది. మళ్ళీ తీసేశాను.

బయట కూరగాయల బండి ఆగింది. అత్త లేచి వెళ్ళింది. "ఏమప్పా, బెంగళూరులో పుస్తకం వేస్తా ఉండారు తెలుసునా, నా పేరు పదకొండు చోట్ల" అనడం వినిపించింది. బండివాడు వంకాయలు తూస్తూ, ఎవరు రాసినారమ్మా అని అడిగాడు.

"మా కోడలు. నేను జవాబుదారు."

నేను బ్రాకెట్లో రాసుకున్నది అక్షరాలా నిజమైంది. ఇంట్లో పట్టలేకపోతున్నాం.